చెరిపేది నంబర్‌ని, బట్టని కాదు: ఫోటోలో జెర్సీ నంబర్ మార్చడం వెనక ఉన్న లెక్క

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. నది దాటి కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇక్కడ మా ఫోటో స్టూడియోకి వచ్చేవాళ్లలో సగం మంది తెలుగు, సగం మంది ఒడియా, బ్యానర్లు కూడా రెండు లిపుల్లోనూ వేస్తాం. టోర్నమెంట్ల సీజన్ మొదలైందంటే జెర్సీ ఫోటోలే ఫోటోలు. వాటిలో నాకు ఎక్కువగా వచ్చే కోరిక ఒకటే, "అన్నా, ఫోటో సూపర్ ఉంది, నంబర్ ఒక్కటి మార్చేయండి" అని. అడిగేవాళ్లకి అది ఐదు నిమిషాల పని. చేసినవాళ్లలో చాలామంది కూడా అలాగే చేస్తారు, ఫోటోషాప్‌లో పాత నంబర్ మీద, పక్క బట్టని తెచ్చి అతికే క్లోన్ టూల్‌తో రుద్దేసి, కొత్త నంబర్ టైప్ చేసి, కాస్త వంచి వదిలేస్తారు. బ్యానర్ కట్టాక చూస్తే ఆ అంకె చొక్కా మీద ఉండదు, చొక్కా ముందు గాల్లో అతికించిన స్టిక్కర్‌లా ఉంటుంది. ఎందుకు అలా కనిపిస్తుందో, అలా కనిపించకుండా ఏం చేయాలో, మొన్న చేసిన ఒక్క ఫోటో పట్టుకుని మొత్తం చెప్తాను.

ఫోటో ఇదీ. వాలీబాల్ ఆడే కుర్రాడు, వెనక నుంచి తీసింది, స్మాష్ కొట్టడానికి కుడిచెయ్యి పైకి లేచి ఉంది. నీలం జెర్సీ, వీపు మీద తెల్లగా 6. ఫోటో తీశాక టీమ్‌లో ఇంకో అబ్బాయికి కూడా 6 ఉందని తేలి ఇతనికి 14 ఇచ్చారు, కొత్త జెర్సీ కుట్టించారు, కానీ అలాంటి జంప్ మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? బ్యానర్‌లో 14 ఉండాలి, ఫోటో మాత్రం ఇదే ఉండాలి. చెయ్యి లేపడంతో బట్ట కుడి భుజం నుంచి ఎడమ నడుము వైపు ఏటవాలుగా లాగి ఉంది, ఎడమ పక్క వదులై ఒక లోతైన మడత పడింది. కష్టమంతా అక్కడే.

ముందు చూడాల్సింది నంబర్ ఎలా ప్రింట్ చేశారన్నది. ఫోటోని 200 శాతానికి జూమ్ చేసి అంకె లోపల చూడండి. జాలీ బట్ట రంధ్రాలు తెల్ల అంకె లోపల కూడా చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది సబ్లిమేషన్. ముందు కాగితం మీద ప్రింట్ చేసి, కత్తిరించిన బట్ట ముక్క మీద పెట్టి, దాదాపు 200 డిగ్రీల వేడితో నొక్కుతారు, ఇంకు ఆవిరై పాలిస్టర్ పోగులోకే ఎక్కిపోతుంది. దానికి మందం ఉండదు. నిజానికి ఆ తెలుపు ప్రింటే కాదు, ఇంకు పడని చోట మిగిలిన బట్ట తెలుపు. అంకె లోపల రంధ్రాలు మూసుకుపోయి, అంచు చుట్టూ సన్నటి నీడ, పైన కాస్త ప్లాస్టిక్ మెరుపు ఉంటే అది వినైల్, బట్ట మీద అతికిన పొర. ఈ రెండింటికీ పద్ధతి వేరు. మన కుర్రాడిది సబ్లిమేషన్, ఇప్పుడు మా వైపు టీమ్ జెర్సీలు ఎక్కువ అవే, కాబట్టి దాని మీదే ఎక్కువ చెప్తాను.

ఇక పాత 6ని తీసేయడం. అందరూ ఇక్కడ పక్కనున్న నీలం బట్ట తెచ్చి దాని మీద రుద్దుతారు. అలా చేస్తే ఆ 6 కింద ఉన్న అసలు ముడతలు, రంధ్రాలు, నీడలు అన్నీ పోయి, పక్క చోటి ముడతలు వచ్చి కూర్చుంటాయి. ఒక మడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయిందో కంటికి అర్థం కాక, చూసేవాళ్లకి ఏదో తేడా అనిపిస్తుంది. కానీ ఆలోచించండి, సబ్లిమేషన్ జెర్సీలో ఆ తెల్ల అంకె లోపల బట్ట మొత్తం అలాగే ఉంది. ముడత ఉంది, రంధ్రం ఉంది, నీడ ఉంది, లేనిదల్లా నీలం రంగు. రంగు వేస్తే చాలు, చెరపక్కర్లేదు.

ఆ రంగు ఎంత వేయాలన్నది కంటి అంచనాతో కాదు, కొలిచి తేల్చాలి. ఐడ్రాపర్ టూల్‌ని `5 by 5 Average` లో పెట్టి, 6 అంచుకి ఒక పక్క తెలుపుని, దానికి ఆనుకునే ఉన్న నీలాన్ని కొలిచాను. పక్కపక్కనే ఎందుకంటే రెంటి మీదా ఒకే వెలుగు పడాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానల్స్ విలువలు వరసగా తెల్ల చోట 225, 228, 232 వచ్చాయి, నీలం చోట 30, 60, 140 వచ్చాయి. కెమెరాకి చేరే వెలుగు అంటే బట్ట మీద పడిన వెలుగుని బట్ట రంగుతో గుణించిందే, అందుకే ఇక్కడ సరిపోయే బ్లెండ్ మోడ్, అంటే పై లేయర్ కింది దాంతో కలిసే పద్ధతి, `Multiply`. తెలుపుని నీలంగా మార్చే రంగు కావాలంటే ఒక్కో చానల్‌లో నీలాన్ని తెలుపుతో భాగించి 255తో గుణించాలి:

```
R: 30  / 225 × 255 = 34
G: 60  / 228 × 255 = 67
B: 140 / 232 × 255 = 154
```

34, 67, 154 రంగుతో ఒక సాలిడ్ కలర్ లేయర్ వేసి, మోడ్ `Multiply` చేసి, ఆ రంగు 6 ఆకారం లోపలే కనిపించేలా మాస్క్ పెట్టాను. అంతే, 6 మాయమై దాని చోట నీలం బట్ట వచ్చేసింది, దాని సొంత ముడతలతో, సొంత రంధ్రాలతో. మొదటిసారి ఇది పనిచేయడం చూసినప్పుడు నేను ఆ లేయర్‌ని పదిసార్లు ఆపి, పెట్టి చూసుకున్నాను, అంత ఆనందం వేసింది.

రెండు చోట్ల ఇది కాస్త తేడా కొడుతుంది. ఒకటి, బట్ట బాగా సాగిన చోట. సబ్లిమేషన్ ఇంకు పోగు పైపైన ఎక్కువ ఉంటుంది, బట్ట సాగినప్పుడు లోపలి తెలుపు కాస్త బయటపడి నీలం పాలిపోతుంది. కుడి భుజం దగ్గర నేను మళ్లీ కొలిస్తే నీలం వేరుగా వచ్చింది, కాబట్టి అక్కడికి కొంచెం లేత రంగుతో రెండో లేయర్ వేసి, రెంటి మాస్కులనీ మెల్లగా ఒకదాన్లో ఒకటి కలిపాను. రెండోది, పాత అంకె అంచు వెంట ఒక సన్నటి గీత మిగిలిపోతుంది. అంచు మీద పిక్సెల్స్ సగం తెలుపు, సగం నీలం. మాస్క్ తక్కువైతే అక్కడ లేత గీత మిగులుతుంది, ఎక్కువైతే ముదురు గీత. దాన్ని మాత్రం క్లోన్ స్టాంప్‌తో, నాలుగైదు పిక్సెల్స్ చిన్న బ్రష్‌తో, గీత వెంటే నడిచి తీసేయాలి. ఇక్కడ క్లోన్ వాడినా నష్టం లేదు, వెడల్పు అంత తక్కువ కాబట్టి ఏ ముడతా చెడదు.

ఒక్క షరతు ఉంది. తెలుపు మండిపోకూడదు. ఫ్లాష్ కొట్టో, మధ్యాహ్నం ఎండలో తీసో అంకె మొత్తం 255 అయిపోయి ఉంటే లోపల బట్ట జాడే ఉండదు, అప్పుడు `Multiply` చేస్తే చదునైన నీలం మచ్చ వస్తుంది. అలాగే వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపింది కూడా వద్దు, రంధ్రాలన్నీ నలిగిపోయి వస్తాయి. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, లేదా కార్డే తెచ్చుకోండి.

ఇప్పుడు రెండో సగం, నీలం బట్ట మీద తెల్ల 14 రావాలి. ఇందాకటి లెక్కని తిరగేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది, నేనూ మొదట అదే చేశాను. సరిపోదు. తెలుపు నుంచి నీలానికి వెళ్లేటప్పుడు విలువలు తగ్గుతాయి, నీలం నుంచి తెలుపుకి వచ్చేటప్పుడు పెరగాలి. ఎరుపు చానల్‌లో 30ని 225 చేయాలంటే ఏడున్నర రెట్లు పెంచాలి, దాంతోపాటు ఆ చీకట్లో దాక్కున్న గ్రెయిన్, జేపెగ్ చదరాలు అన్నీ ఏడున్నర రెట్లు పెరిగి పైకి తేలతాయి. అంకె లోపల ఎర్రటి, పచ్చటి పురుగులు పాకుతున్నట్టు ఉంటుంది.

దీనికి దారి ఏంటంటే, మూడు చానల్స్‌నీ పెంచకుండా, బాగున్న ఒక్క చానల్‌ని తీసుకోవడం. నీలం బట్టలో నీలం చానల్ 140 దాకా ఉంది, ముడతలు అందులో శుభ్రంగా కనిపిస్తాయి. 6 తీసేశాక లేయర్లన్నీ కలిపి చేసిన కాపీ మీద, `Channels` ప్యానెల్‌లో `Blue` మాత్రమే ఎంచుకుని, మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొట్టి, మళ్లీ `RGB` నొక్కి కొత్త లేయర్‌గా పేస్ట్ చేస్తే అది బూడిదరంగు బొమ్మగా వస్తుంది. ఆ బొమ్మకి `Levels` తెరిచి, కుడి వైపు ఇన్‌పుట్ విలువ 255 నుంచి 154కి తెచ్చాను. అప్పుడు 140 ఉన్న చోట 232 వస్తుంది, అంటే మనం కొలిచిన తెలుపే. పైన నీలం చానల్‌కి వచ్చిన 154, ఇదీ ఒకటే సంఖ్య, ఎందుకంటే లెక్క ఒకటే, దిశే వేరు. గ్రెయిన్ పెరిగింది కూడా ఒకటిన్నర రెట్ల పైచిలుకు మాత్రమే. ఇప్పుడీ బూడిద లేయర్ అంటే, ఆ జెర్సీ మొత్తం తెల్లబట్టతో కుట్టి ఉంటే అదే వెలుగులో ఎలా కనిపించేదో దాదాపు అదే. దానికి 14 ఆకారంలో మాస్క్ వేస్తే చాలు. తెలుపులో ఉన్న ఆ కొద్దిపాటి చల్లదనం కోసం 225, 228, 232 దగ్గరికి రంగు కాస్త సవరిస్తే సరి.

ఒక జర్సీ ఎర్రదైతే ఎరుపు చానల్, పచ్చదైతే పచ్చ చానల్ అన్నమాట. నల్ల జెర్సీకి మాత్రం ఏ చానల్‌లోనూ సరుకు ఉండదు, అందుకే నల్ల జెర్సీ మీద కొత్త తెల్ల అంకె వేయడం అన్నిటికన్నా కష్టం. అక్కడ పాత తెల్ల అంకె లోపలి వెలుగే ఆధారం, దాన్ని చూస్తూ చేత్తో నీడలు గీయాల్సిందే.

రంగు సంగతి అయింది, ఇక ఆకారం. స్టిక్కర్‌లా కనిపించడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. ముందు అంకె సరైన ఫాంట్‌లో కావాలి, దానికి ఫాంట్ పేర్లు వెతుకుతూ కూర్చోవద్దు, జెర్సీ ప్రింట్ చేసినవాళ్ల దగ్గర కోరల్‌డ్రాలో గీసిన డిజైన్, అదే కోరల్ ఫైల్, ఉంటుంది, అడిగితే ఇస్తారు. అది దొరక్కపోతే అదే టీమ్‌లో 1, 4 ఉన్న వేరే జెర్సీలని బల్ల మీద చదునుగా పరిచి ఫోటో తీసుకుని గీసుకోండి. నాకు ఫైల్ దొరికింది.

ఇప్పుడు ఆ చదునైన 14ని సాగిన బట్ట మీద ఎలా కూర్చోబెట్టాలి? కంటికి బాగుందనిపించేలా వంచడం కాదు, బట్టే చెప్తుంది, మనం లెక్కపెట్టాలి. సబ్లిమేషన్ చేసింది కుట్టక ముందు, బట్ట చదునుగా ఉన్నప్పుడు. ఆ తర్వాత బట్ట ఎంత సాగినా, నలిగినా, అంకె గీత వెడల్పులో ఎన్ని రంధ్రాలు ఉన్నాయో అన్నే ఉంటాయి. పాత 6 గీత మీద లెక్కపెట్టాను, అడ్డంగా 10 రంధ్రాలు. మధ్యలో మామూలుగా ఉన్న చోట ఆ పదీ 110 పిక్సెల్స్‌లో ఉన్నాయి. కుడి భుజం వైపు సాగిన చోట అవే పది 140 పిక్సెల్స్‌కి పరుచుకున్నాయి, రంధ్రాలు గుండ్రంగా లేవు, లాగిన వైపుకి కోలగా ఉన్నాయి. ఎడమ పక్క బట్ట మనకి ఏటవాలుగా తిరిగిన చోట పదీ 80 పిక్సెల్స్‌లో ఇరుక్కున్నాయి. పిక్సెల్స్ మారాయి, రంధ్రాలు మారలేదు. జాలీ బట్ట అంటే మీకు ఉచితంగా దొరికిన గ్రాఫ్ కాగితం అన్నట్టే.

అందుకని నేను చేసింది ఇది. ఒక ఖాళీ లేయర్ మీద, ప్రతి పది రంధ్రాలకి ఒక ఎర్ర చుక్క పెట్టుకుంటూ వెళ్లాను, అడ్డంగా, నిలువుగా. వెన్నెముక దగ్గర మొదలుపెట్టి రెండు వైపులకీ. 6 ఎత్తు 64 రంధ్రాలు. 14 మొత్తం వెడల్పు, కోరల్ ఫైల్‌లో అదే కొలతతో చూసుకుంటే, 70 రంధ్రాలు వచ్చింది. ఈ చుక్కలు పెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది, మొత్తం పనిలో విసుగు పుట్టే భాగం ఇదొక్కటే, కానీ దీన్ని వదిలేస్తే మిగతాదంతా ఊహే. తర్వాత చదునైన 14 మీద కూడా పదేసి రంధ్రాల గళ్లు గీసి, రెంటినీ ఒకే స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, `Edit > Transform > Warp` తెరిచి, అవసరమైన చోట గీతలు చీల్చుకుంటూ, గళ్ల మూలలు ఎర్ర చుక్కల మీదకి వచ్చేలా లాగాను. గళ్లు, చుక్కలు కలిశాక గళ్లని ఆపేస్తే 14 తనంతట తానే సరైన చోట ఉంది. 4 పైభాగం భుజం వైపు లాగినట్టు వెడల్పయింది, 1 ఎడమకి సన్నబడింది. నా అంతట నేను వంచి ఉంటే 1ని ఎప్పటికీ అంత సన్నగా చేసేవాణ్ణి కాదు.

ఎడమ పక్క లోతైన మడత దగ్గర ఇది ఆగిపోతుంది. అక్కడ బట్ట తన మీద తాను ఎక్కింది, కొంత బట్ట లోపల దాక్కుంది. పాత 6 ఎడమ వంపు కూడా ఆ మడత దగ్గర ఒక్కసారిగా తెగి, పక్కకి జరిగి మళ్లీ మొదలైంది. మడతకి పైన, మనకి కనిపించే గీతలో 6 రంధ్రాలు, అవతల 1 రంధ్రం, కలిపితే 7, ఉండాల్సింది 10. అంటే 3 రంధ్రాల బట్ట లోపల ఉంది. ఇలాంటి చోట ఏ వార్పూ పనిచేయదు, ఎందుకంటే వార్ప్ సాగదీయగలదు గానీ దాచలేదు. 1ని రెండు కాపీలు చేసి, ఒకదాన్ని మడత ఇవతలి వరకు, ఇంకోదాన్ని మడత అవతల నుంచి మాస్క్ చేసి, అవతలి ముక్కని 3 రంధ్రాలంత లోపలికి జరిపాను. మడత అంచు మీద 1 నిలువు గీత చిన్నగా విరిగినట్టు కనిపిస్తుంది. అలా విరగడమే చొక్కా మీద ఉందని నమ్మించేది.

చాలామంది `Filter > Distort > Displace` గురించి అడుగుతారు, అదొక్కటి కొడితే ముడతలు వాటంతట అవే వచ్చేస్తాయని. చిన్న చిన్న ముడతలకి మాత్రం మంచిదే. కానీ దానికి బట్ట తెలియదు, వెలుగునీడలు మాత్రమే తెలుసు. దానికి మ్యాప్‌గా మనం ఇచ్చే బూడిదరంగు బొమ్మలో 128 ఉన్న చోట కదపదు, అంతకంటే నలుపుంటే ఒక వైపు, తెలుపుంటే ఇంకో వైపు నెడుతుంది. వీపు మీద చెమట మరక ఉంటే దాన్నీ గుంట అనుకుని అంకెని జరిపేస్తుంది. ఇంకా ఘోరం, పాత నంబర్ తీయకుండా మ్యాప్ చేస్తే కొత్త అంకె అంచుల్లో పాత 6 ఆకారం వంకరగా దిగుతుంది, అలాంటి బ్యానర్లు నేను చూశాను. అందుకే మ్యాప్ ఎప్పుడూ 6 పోయాక చేయండి, నాలుగైదు పిక్సెల్స్ బ్లర్ ఇవ్వండి, లేకపోతే ఒక్కో రంధ్రానికీ అంచు వణుకుతుంది. స్కేల్ 100 అంటే గరిష్ఠంగా 128 పిక్సెల్స్ జరుపుతుంది, నేను 4 పెట్టాను, అంటే మహా అయితే ఐదు పిక్సెల్స్ దగ్గర. అంతకు మించి కదలాల్సినదంతా చుక్కలతో ముందే కదిలిపోయి ఉండాలి.

అంచు పదును కూడా కలవాలి. కోరల్ నుంచి వచ్చిన అంకె అంచు ఒక్క పిక్సెల్‌లో తెగుతుంది, కెమెరాలో పాత 6 అంచు రెండు మూడు పిక్సెల్స్‌లో మెల్లగా మారింది. మాస్క్‌కి `Gaussian Blur` ఒక పిక్సెల్ దగ్గర ఇస్తే కలిసిపోయింది. ఎడమ పక్క ఫోకస్ తప్పిన చోట ఇంకొంచెం ఎక్కువ.

వినైల్ జెర్సీ అయితే పైన చెప్పినదాంట్లో సగం తిరగబడుతుంది. పొర కింద బట్ట కనిపించదు కాబట్టి రంగు మార్చే కిటుకు పనికిరాదు, పక్క బట్ట తెచ్చి రంధ్రాల వరసలు కలుపుకుంటూ అతికించాల్సిందే. కొత్త అంకెలో రంధ్రాలు ఉండకూడదు, అందుకే ఆ బూడిద లేయర్‌ని రంధ్రాలు కరిగిపోయేంత బ్లర్ చేసి వాడాలి. వినైల్ బట్టకన్నా బిరుసు, సన్నటి ముడతలు దాని మీద పడవు, పెద్ద మడతలే పడతాయి, సాగిన చోట అది బట్టంత సాగదు. పాతదైతే చిన్న పగుళ్లుంటాయి.

పేర్ల సంగతి కొంచెం చెప్పాలి, మా దగ్గర ఇది మరీ ఎక్కువ. పాత్రో, పాత్ర అని రెండు ఇంటిపేర్లు, బయట ఊళ్లో ప్రింట్ చేసేవాళ్లు `PATRO` బదులు `PATRA` వేసి పంపిస్తారు. ఒక్క అక్షరమే కదా అనుకోవద్దు. పేరు గీత నాలుగైదు రంధ్రాల వెడల్పే ఉంటుంది, ఒక్క రంధ్రం తప్పినా కంటికి తగులుతుంది. పైగా `A` పైన సన్నం, కింద వెడల్పు, `R` పక్కన అది పైన ఖాళీ వదులుతుంది, ఆ చోట్లోనే `O` పెడితే `R` మీదకి ఎక్కినట్టుంటుంది, రెండు మూడు రంధ్రాలు కుడికి జరపాలి. అలా జరిపితే పేరు మధ్యకి ఉండదు, కాబట్టి నేనైతే మొత్తం పేరునే కొత్తగా వేస్తాను. చివరి అక్షరం రెక్క ఎముక దాటి పక్కకి తిరిగే చోట పడుతుంది, అక్కడ `O` గుండ్రంగా ఉంటే తప్పు, కోలగా ఉండాలి.

ఒక మాట మధ్యలో. బ్యానర్ కోసం, దండ వేసిన ఫోటో కోసం ఎంతైనా మారుస్తాను. ఆడాడని, ఆడలేదని రుజువు చూపించడానికి పంపే ఫోటోలో నంబర్ మార్చమంటే మాత్రం మార్చను, ఒకసారి అలా వచ్చినవాళ్లని వెనక్కి పంపాను.

చివర్లో నేను మూడు రకాలుగా చూస్తాను. ఫోటోని అద్దంలోలా తిప్పి చూస్తే అంతసేపు చూసి అలవాటుపడిన కన్ను మళ్లీ కొత్తగా చూస్తుంది. తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేసి, `Curves` గీతని రెండు మూడుసార్లు పైకీ కిందకీ విరిచేస్తే వెలుగునీడలు పిచ్చిగా మారి, పాత 6 ఎక్కడైనా దెయ్యంలా మిగిలుంటే బయటపడుతుంది, ఈ ఫోటోలో దాని కింది వంపు దగ్గర చిన్న చంద్రవంక మిగిలి ఉంది, మళ్లీ వెళ్లి మాస్క్ సరిచేశాను. మూడోది రంధ్రాలు. కొత్త 4 అడ్డగీత మీద మూడు చోట్ల లెక్కపెట్టాను, 10, 10, మూడో చోట 11. మడతకి దగ్గరగా వార్ప్ ఒక చుక్క తప్పింది. సరిచేసేసరికి రాత్రి పదకొండైంది. పొద్దున కుర్రాడు వచ్చి స్క్రీన్ చూసి, "ఈ ఫోటో కొత్త జెర్సీలో ఎప్పుడు తీశారన్నా?" అని అడిగాడు.